ఇంటికి ఎన్ని సోలార్ ప్యానెల్స్ కావాలి: బిల్లుల నుంచి డాబా దాకా, నా లెక్కల డైరీ

ఇల్లు హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు, ఒక అంతస్తు, పైన డాబా. ఇంట్లో నలుగురం. ఒక 1.5 టన్ను ఏసీ, ఫ్రిజ్, 1 హెచ్‌పీ మోటారు ఉన్నాయి. గ్రిడ్‌కి కలిపి, ఇచ్చిన కరెంటునీ తీసుకున్న కరెంటునీ లెక్కపెట్టే నెట్ మీటర్ సిస్టమ్ పెట్టుకోవాలనుకున్నాం, బ్యాటరీలు లేవు. బ్యాటరీ పెట్టి పూర్తిగా గ్రిడ్ లేకుండా నడుపుకునేవాళ్లకి లెక్క మారుతుంది. ఎక్కడ మారుతుందో మూడో దశలో రాశాను.

దశ 1: నవంబర్ మొదటి వారం. వస్తువుల లిస్టుతో వేసిన లెక్క, తప్పింది

మా బావ ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని ప్రతి వస్తువు వెనకున్న స్టిక్కర్ చూసి వాట్లు రాశాం. ఏసీ 1500 వాట్లు 8 గంటలు అంటే 12 యూనిట్లు. ఫ్రిజ్ 150 వాట్లు 24 గంటలు, 3.6. ఫ్యాన్లు నాలుగు, 75 వాట్ల చొప్పున 12 గంటలు, మళ్లీ 3.6. లైట్లు, టీవీ, మోటారు, మిక్సీ, ఇస్త్రీ పెట్టె కలిపి 2.4. మొత్తం రోజుకి 21.6 యూనిట్లు తేలింది.

"పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా ఎండే కదా బావా, పది గంటలు వేసుకో" అన్నాడు. 21.6ని పదితో భాగిస్తే 2.16 కిలోవాట్లు. 540 వాట్ల ప్యానెల్ అయితే సరిగ్గా నాలుగు. అంత శుభ్రంగా వచ్చేసరికి ఇద్దరికీ నచ్చింది. కొటేషన్ అడగడానికి ఫోన్ కూడా చేశాను.

ఈ లెక్కలో రెండు పెద్ద తప్పులున్నాయి. వాడకం రెట్టింపుకు పైగా పెరిగింది, ఎండ కూడా దాదాపు రెట్టింపు అయింది. ఒకటి పైకి లాగితే ఇంకొకటి కిందికి లాగింది. అందుకే జవాబు నమ్మేలా కనిపించింది. ఎవరైనా "మా ఇంటికి నాలుగు చాలు" అంటే ఆ నాలుగు ఎలా వచ్చిందో అడగమని చెప్పేది ఇందుకే.

దశ 2: నవంబర్ రెండో వారం. అసలు వాడకం ఎంత

అనుమానం ఫ్రిజ్ దగ్గర మొదలైంది. ప్లగ్‌కీ ఫ్రిజ్‌కీ మధ్య పెట్టే ఎనర్జీ మీటర్ ఒకటి తెచ్చి వారం రోజులు వదిలేశాను. ఏడు రోజులకి 8.4 యూనిట్లు, అంటే రోజుకి 1.2. మా లిస్టులో 3.6 ఉంది. కంప్రెసర్ ఆగుతూ నడుస్తుంది కాబట్టి స్టిక్కర్ మీది వాట్లని 24తో గుణించడమే తప్పు.

ఏసీకి ఆ ప్లగ్ మీటర్ సరిపోదు, కరెంటు ఎక్కువ లాగుతుంది. దానికి ఇంటి మీటర్నే వాడాను. మీటర్ మీద ఎర్ర లైటు మినుకుతూ ఉంటుంది, పక్కనే చిన్న అక్షరాలతో `3200 imp/kWh` అని ఉంది. అంటే 3200 మినుకులకి ఒక యూనిట్. మీ మీటర్ మీద వేరే సంఖ్య ఉండొచ్చు, అదే తీసుకోండి.

1. మెయిన్ బోర్డులో కొలవాల్సిన వస్తువు ఒక్కటే ఉంచి మిగతా స్విచ్‌లు ఆపండి.
2. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పది మినుకులకి ఎన్ని సెకన్లో చూడండి. మొదటి మినుకుని సున్నాగా లెక్కపెట్టాలి.
3. 36000ని, (మీటర్ సంఖ్య × సెకన్లు)తో భాగించండి. వచ్చేది కిలోవాట్లు.

ఏసీ వేసిన వెంటనే పది మినుకులకి 7.5 సెకన్లు పట్టింది: 36000 ÷ (3200 × 7.5) = 1.5 కిలోవాట్లు. స్టిక్కర్ మాట నిజమే. కానీ నలభై నిమిషాల తర్వాత గది చల్లబడ్డాక మళ్లీ చూస్తే 22 సెకన్లు పట్టింది, అంటే అర కిలోవాట్ చుట్టుపక్కల. ఇన్వర్టర్ ఏసీ కాబట్టి వేగం తగ్గించుకుంటుంది. ఇది నవంబర్ చలిలో చూసిన సంఖ్య, మే నెలలో ఇంత తగ్గదు. ఇంకో సంగతి, ఏసీ ఏడాదిలో నాలుగు నెలలే బాగా నడుస్తుంది. లిస్టులో దాన్ని ఏడాది పొడుగునా నడిపేశాం.

ఇక లిస్టు పక్కన పెట్టి పన్నెండు నెలల బిల్లులు తీశాను. మీటర్ చెప్పే మాట కన్నా నమ్మదగింది ఇంకోటి లేదు.

- జనవరి 196, ఫిబ్రవరి 212, మార్చి 318
- ఏప్రిల్ 462, మే 506, జూన్ 388
- జూలై 296, ఆగస్టు 284, సెప్టెంబర్ 278
- అక్టోబర్ 262, నవంబర్ 214, డిసెంబర్ 198

ఈ నవంబర్, డిసెంబర్ బిల్లులు ఇంకా రాలేదు కాబట్టి ఆ రెండూ పోయినేటివి.

ఇక్కడ కూడా ఒకసారి తడబడ్డాను. మే బిల్లు ఒక్కటే చూసి 506ని 30తో భాగిస్తే రోజుకి 16.9 వచ్చింది. దాన్నే పట్టుకుని ఉంటే ఎనిమిది ప్యానెల్స్ దాకా వెళ్లేది. ఒక్క నెల బిల్లుతో ఇంకో చిక్కు కూడా ఉంది. రీడింగ్ తీసే తేదీ అటూ ఇటూ అవుతుంది. నా బిల్లుల్లో 27 రోజులవీ ఉన్నాయి, 34 రోజులవీ ఉన్నాయి. పన్నెండు నెలలూ కలిపితే ఆ తేడాలు సర్దుకుంటాయి.

ఇప్పటిదాకా లెక్క: ఏడాదికి 3614 యూనిట్లు. 365తో భాగిస్తే రోజుకి 9.9 యూనిట్లు. (లిస్టు చెప్పింది 21.6.)

దశ 3: నవంబర్ నాలుగో వారం. ఎండని గంటల్లో కాదు, బిందెల్లో కొలవాలి

పీక్ సన్ అవర్స్ అనే మాట మీదే ఎక్కువమంది జారిపడతారు. అది వెలుతురు ఉన్న గంటల సంఖ్య కాదు. ప్యానెల్ మీద రాసిన 540 వాట్లు, చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండ పడినప్పుడు ఇచ్చేవి. పొద్దున ఎనిమిదింటికి అందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. ఒంటిగంటకి దగ్గరగా వస్తుంది, సాయంత్రం నాలుగింటికి మళ్లీ పడిపోతుంది. రోజంతా పడిన ఆ ఎండనంతా పోగేసి, 1000 వాట్ల చొప్పున పడి ఉంటే ఎన్ని గంటలకి సమానమో చెప్పేదే పీక్ సన్ అవర్స్. వీధి నల్లా పొద్దున సన్నగా వస్తుంది, నడుమ ధారగా వస్తుంది, మళ్లీ సన్నబడుతుంది. నల్లా ఎన్ని గంటలు వచ్చిందని కాకుండా, ఎన్ని బిందెలు నిండాయని అడిగినట్టు ఇది.

సంఖ్య ఎక్కడ దొరుకుతుందంటే, నాసా పవర్ అనే ఉచిత డేటా ఉంది. అక్షాంశం 17.4, రేఖాంశం 78.6 ఇచ్చి, నెలవారీ సగటుల్లో `ALLSKY_SFC_SW_DWN` అనే వరుస తీసుకున్నాను. చదరపు మీటరుకి రోజుకి కిలోవాట్ అవర్లలో ఇస్తుంది, అదే పీక్ సన్ అవర్స్ సంఖ్య. యూనిట్ మాత్రం తప్పక చూసుకోవాలి, మెగాజౌళ్లలో ఉంటే 3.6తో భాగించాలి. నేను మొదట అది చూడకుండా దించుకుని ఏప్రిల్‌కి 23 గంటల ఎండ రాసుకున్నాను.

మా దగ్గరికి ఒక దశాంశానికి సర్దితే ఏప్రిల్ 6.5, మార్చి, మే 6.3, జూన్ 5.1, జూలై 4.4, ఆగస్టు 4.3, చలికాలం 4.6 నుంచి 4.9. ఏడాది సగటు 5.2.

ఏ సంఖ్య తీసుకోవాలన్నది సిస్టమ్ బట్టి ఉంటుంది. నెట్ మీటర్ ఉంటే ఎక్కువైన నెలది గ్రిడ్‌లోకి పోయి, తక్కువైన నెలలో సర్దుబాటు అవుతుంది కాబట్టి ఏడాది సగటు చాలు. బ్యాటరీల మీదే ఇల్లు నడవాలంటే ఆ సగటు పనికిరాదు. వాడకానికి ఎండ చాలని నెల ఏదో దాన్నే తీసుకోవాలి. నాకు ఆ నెల ముసురు పట్టే ఆగస్టు అవుతుందనుకున్నాను. నెల నెలకీ రోజువారీ వాడకాన్ని ఎండతో భాగించి చూస్తే మే వచ్చింది. మేలో ఎండ బాగానే ఉంటుంది, కానీ ఏసీ దాన్ని మించి తింటోంది: 16.3ని 6.3తో భాగిస్తే 2.6. ఆగస్టులో 9.2ని 4.3తో భాగిస్తే 2.1 మాత్రమే.

ఇప్పటిదాకా లెక్క: 9.9 ÷ 5.2 = 1.9 కిలోవాట్లు. నష్టాలు ఇంకా కలపలేదు.

దశ 4: డిసెంబర్ మొదటి వారం. నష్టాలు

1.9 కిలోవాట్లంటే నాలుగు ప్యానెల్స్ లోపే. మళ్లీ అదే నాలుగు. ఈసారి తొందరపడకుండా, ఇప్పటికే ప్యానెల్స్ ఉన్న పక్కింటి డాబా ఎక్కాను. జ్వరం చూసే గన్ కాకుండా, ఎక్కువ వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తీసుకెళ్లి మధ్యాహ్నం ఒంటిగంటకి ప్యానెల్ వెనక వైపు చూస్తే 52 డిగ్రీలు ఉంది. అప్పుడు గాలి వేడి 29 మాత్రమే. ప్యానెల్ వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. డేటాషీట్‌లో డిగ్రీకి 0.35 శాతం తగ్గుతుందని ఉంది. 27 డిగ్రీలు ఎక్కువ కాబట్టి దాదాపు 9.5 శాతం పోయినట్టే, అదీ చలికాలంలో. ముందు వైపు అద్దం మీద కొలిస్తే ఆకాశం ప్రతిబింబం వల్ల తప్పు చూపిస్తుంది, వెనకే కొలవండి.

నేను వేసుకున్న నష్టాలు ఇవి: వేడికి 10 శాతం, దుమ్ముకి 5, ప్యానెల్ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌కి 3, వైర్లకి 2, ప్యానెళ్ల మధ్య చిన్న తేడాలకి 2. వీటిని కూడకూడదు, మిగిలేదాన్ని గుణించాలి:

```
0.90 × 0.95 × 0.97 × 0.98 × 0.98 = 0.80
```

దీన్ని 0.75కి దించాను. గ్రిడ్ కరెంటు పోతే గ్రిడ్‌కి కట్టిన ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి ప్రమాదం లేకుండా అలా తయారు చేస్తారు. మా వీధిలో పగటిపూట కోతలు ఉన్నాయి, పొద్దుటి నీడ ఉంది, ప్యానెల్స్ ఏటా కొంచెం తగ్గుతాయి. ఆ మూడింటికీ కలిపి ఈ 0.05.

```
కిలోవాట్లు = 9.9 ÷ (5.2 × 0.75) = 2.54
ప్యానెల్స్ = 2540 ÷ 540 = 4.7
```

ఇప్పటిదాకా లెక్క: 5 ప్యానెల్స్, 2.7 కిలోవాట్లు. ఏడాదికి అంచనా 2.7 × 5.2 × 0.75 × 365 = 3843 యూనిట్లు. వాడకం కన్నా 229 ఎక్కువ.

ఇన్‌స్టాలర్ ఆరు పెట్టమన్నాడు. "సార్, మూడు కిలోవాట్లు దాటితే సబ్సిడీ పూర్తిగా వస్తుంది" అన్నాడు. పీఎం సూర్య ఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి 30,000 చొప్పున, మూడోదానికి 18,000, గరిష్ఠం 78,000. మాట నిజమే. కానీ ఆరు పెడితే ఏడాదికి 4600 యూనిట్లు వస్తాయి, మాకు వెయ్యి మిగులుతాయి. మిగిలిన యూనిట్‌కి వచ్చే రేటు, మనం కొనే రేటు కన్నా బాగా తక్కువ. రెండో ఏసీ కొనే ఆలోచన ఉంటే ఆరు సరే. మాకు లేదు, ఐదు దగ్గరే ఆగాను.

దశ 5: డిసెంబర్ 20, 21, 22. ముగ్గుపిండితో నీడ

ఐదు ప్యానెల్స్ డాబా మీద ఎక్కడ పడతాయన్నది లెక్క కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఒక్కోటి 2.28 మీటర్ల పొడవు, 1.13 వెడల్పు. ఐదూ పక్కపక్కన నిలబెడితే 5.65 మీటర్లు. ఆగ్నేయ మూల మెట్ల గది, దాని మీద వాటర్ ట్యాంకు, కలిపి డాబా నుంచి 4 మీటర్ల ఎత్తు. ఇన్‌స్టాలర్ గీసిన బొమ్మలో ప్యానెల్స్ మెట్ల గది ఉత్తరపు గోడకి మీటరు దూరంలో మొదలయ్యాయి.

డిసెంబర్ 21 చుట్టూ సూర్యుడు దక్షిణాన అన్నిటికన్నా కిందికి ఉంటాడు. హైదరాబాద్‌లో ఆ రోజు మధ్యాహ్నం కూడా 49 డిగ్రీలే. పొద్దున తొమ్మిదింపావుకి 30 డిగ్రీలు. 30 డిగ్రీల దగ్గర నీడ పొడవు ఎత్తుకి 1.73 రెట్లు, అంటే ట్యాంకు నీడ 6.9 మీటర్లు, వాయవ్యం వైపు పడుతుంది.

కాగితం మీది లెక్క నమ్మకుండా మూడు రోజులు పొద్దున తొమ్మిదింపావుకి, పన్నెండున్నరకి, మూడింటికి నీడ అంచు వెంట మా ఆవిడ ముగ్గుపిండితో గీత వేసింది, నేను టేపుతో కొలిచాను. పొద్దుటి గీత మెట్ల గది గోడ నుంచి ఉత్తరానికి 4.5 మీటర్లు పోయింది, లెక్క 4.6 చెప్పింది. మధ్యాహ్నం గీత 3.4. ఇన్‌స్టాలర్ బొమ్మ ప్రకారం పెట్టి ఉంటే మధ్యాహ్నం కూడా కొన్ని ప్యానెల్స్ మీద నీడ పడేది. ప్యానెళ్లన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి. ఒక ప్యానెల్‌లో కొన్ని సెల్స్ మీద నీడ పడినా ఆ భాగం మొత్తం పక్కకి తప్పుకుంటుంది, అరచెయ్యంత నీడకి అరచెయ్యంత నష్టం మాత్రమే అనుకోకూడదు.

మార్పు: వరుసని గోడ నుంచి 4.8 మీటర్లకి జరిపించాను. 15 డిగ్రీల వాలులో ప్యానెల్ నేల మీద 2.2 మీటర్లు తీసుకుంటుంది. మొత్తం 7.0. ఉత్తరపు పిట్టగోడ 7.5 దగ్గర ఉంది కాబట్టి తుడవడానికి నడిచే చోటు అర మీటరు మిగిలింది. ఇరుకే. ఒక మీటరు ఉండాల్సింది, ఇప్పుడు తుడిచేటప్పుడు తెలుస్తోంది.

దశ 6: మార్చి నుంచి ఆగస్టు. ఇన్వర్టర్ స్క్రీన్ ఏం చెప్పింది

ఫిబ్రవరి ఆఖరుకి ఆన్ అయింది. ప్రతి నెల ఒకటో తారీఖు పొద్దున ఇన్వర్టర్ మీద మొత్తం రాసుకున్నాను. ముందు అంచనా, తర్వాత వచ్చింది:

- మార్చి: 395 అంచనా, 402 వచ్చింది
- ఏప్రిల్: 395, 378
- మే: 395, 371
- జూన్: 310, 296
- జూలై: 276, 268
- ఆగస్టు: 270, 251

ఏప్రిల్ తగ్గుదలకి కారణం దుమ్ము. వీధి చివర ఇల్లు కడుతున్నారు. ఏప్రిల్ 19 మధ్యాహ్నం ఇన్వర్టర్ 1.82 కిలోవాట్లు చూపించింది. మర్నాడు తెల్లారి, అద్దం చల్లగా ఉన్నప్పుడే, మెత్తటి గుడ్డతో కడిగాం. అదే టైముకి, అంతే తేట ఆకాశంలో, 1.94 వచ్చింది. ఆరు శాతం దుమ్ముకే పోతోంది. మండే మధ్యాహ్నం చల్లనీళ్లు పోయకండి, అద్దానికి మంచిది కాదు. అప్పటినుంచి వేసవిలో పది రోజులకోసారి కడుగుతున్నాం.

మేలో ప్యానెల్ వెనక 63 డిగ్రీలు చూశాను. ఆ ఒక్క గంటలో వేడికి పోయేది 13 శాతం. దానికి తోడు ఇన్వర్టర్ లాగ్‌లో గ్రిడ్ లేని పగటి గంటలు 11 లెక్క తేలాయి. గంటకి ఒకటిన్నర యూనిట్ చొప్పున వేసుకున్నా 16 యూనిట్లు అక్కడే పోయాయి.

ఇప్పటిదాకా లెక్క: అంచనా 2041, వచ్చింది 1966. అంటే 96 శాతం. నేను పెట్టుకున్న 0.75 నా డాబా మీద నిజానికి 0.72.

0.72తో మొదటి నుంచి మళ్లీ వేస్తే 9.9 ÷ (5.2 × 0.72) = 2.64 కిలోవాట్లు, 4.9 ప్యానెల్స్. ఐదే వస్తుంది, కానీ అంచు మీద ఉంది. పైకి సర్దడంలో దొరికిన 0.3 ప్యానెల్ వల్ల బయటపడ్డాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. సోలార్ వచ్చాక బిల్లులో కనిపించేది ఇంటి వాడకం కాదు. వాడకం తెలియాలంటే ఇలా చేయాలి:

1. నెట్ మీటర్‌లో ఇంపోర్ట్, అంటే గ్రిడ్ నుంచి తీసుకున్నది రాసుకోండి. నాది ఆరు నెలలకి 1510.
2. ఇన్వర్టర్ ఉత్పత్తి కలపండి: 1510 + 1966 = 3476.
3. ఎక్స్‌పోర్ట్, అంటే గ్రిడ్‌కి పంపింది తీసేయండి: 3476 − 1186 = 2290.

పోయినేడు ఇవే ఆరు నెలల్లో 2254 వాడాం. "సోలార్ ఉంది కదా" అని ఏసీ వాడకం పెరుగుతుందేమో అనుకున్నాను, 36 యూనిట్లే పెరిగింది.

సెప్టెంబర్ 3. మిగిలింది

ఆరు నెలలకి గ్రిడ్‌కి మేం బాకీ: 1510 − 1186 = 324 యూనిట్లు. ఇవి ఏసీ నెలలు కాబట్టి బాకీ పడటం ముందే తెలుసు. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పోయినేటి వాడకం 1360. 0.72తో అదే కాలానికి ఉత్పత్తి అంచనా 1720. అంటే 360 ఎక్కువ రావాలి. అలా వస్తే ఏడాదికి 36 యూనిట్ల తేడాలో సరిపోతుంది.

అయితే వేసవి బాకీకి యూనిట్లు కొనుక్కుని డబ్బు కట్టేశాం. చలికాలం మిగులు తర్వాతి నెలలకి ఎన్నాళ్లు నిలుస్తుందో, ఎప్పుడు లెక్క తేల్చేస్తారో నెట్ మీటర్ ఒప్పందం కాగితంలో ఉంటుంది. సంతకం పెట్టే ముందు ఆ ఒక్క పేరా చదవండి. ఏడాది సగటుతో ప్యానెల్స్ లెక్క కట్టడం ఎంతవరకు చెల్లుతుందో దాన్ని బట్టే ఉంటుంది. తర్వాతి ఎంట్రీ మార్చి 1న, ఇన్వర్టర్ స్క్రీన్ చూశాక.